‘డియర్ క్యాండిడేట్’ అని మొదలయ్యే మెయిల్

విశాఖపట్నం దగ్గర పరవాడ ఫార్మా సిటీలో పనిచేసే ఒక అమ్మాయి ఉందనుకుందాం. పేరు రమ్య అనుకుందాం. మందుల తయారీలో నాణ్యత చూసే విభాగంలో తొమ్మిదేళ్ల అనుభవం. హైదరాబాద్ జీడిమెట్లలోని ఒక కంపెనీ డిప్యూటీ మేనేజర్ పోస్టుకు దరఖాస్తు చేసింది. మొదటి రౌండ్ ఫోన్‌లో, రెండోది వీడియోలో అయిపోయాయి. ఫైనల్ రౌండ్‌కు మాత్రం స్వయంగా రావాలన్నారు. ఆఫీసులో అసలు కారణం చెప్పకుండా రెండు రోజులు సెలవు పెట్టి, సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లారి సికింద్రాబాద్‌లో దిగింది. చుట్టాలింట్లో స్నానం చేసి చీర మార్చుకుని ఫ్యాక్టరీకి వెళ్లింది. ప్లాంట్ హెడ్, క్వాలిటీ హెడ్, హెచ్ఆర్ మేనేజర్ ముగ్గురూ కలిసి గంటన్నర మాట్లాడారు. ఎప్పుడు చేరగలరని అడిగారు. జీతం ఎంత ఆశిస్తున్నారని అడిగారు. లేచేటప్పుడు ప్లాంట్ హెడ్ నవ్వుతూ, ‘వారంలో చెబుతాం’ అన్నాడు.

వారం పోయింది. రమ్య ఒకసారి ఫోన్ చేసింది. ‘ప్రాసెస్‌లో ఉంది మేడం’ అన్నారు. రెండోసారి చేస్తే ఎత్తలేదు. ఐదు వారాల తరువాత, రాత్రి పదకొండున్నరకు, తిరిగి జవాబివ్వడానికి వీల్లేని చిరునామా నుంచి ఒక మెయిల్ వచ్చింది. డియర్ క్యాండిడేట్, మా సంస్థ పట్ల మీరు చూపిన ఆసక్తికి ధన్యవాదాలు. అనేకమంది ప్రతిభావంతుల దరఖాస్తులు అందాయి. జాగ్రత్తగా పరిశీలించిన మీదట ఈ సమయంలో ముందుకు వెళ్లలేకపోతున్నామని తెలియజేయడానికి చింతిస్తున్నాము. మీ రెజ్యూమే మా దగ్గర భద్రంగా ఉంటుంది. మీ భవిష్యత్తుకు శుభాకాంక్షలు.

మన కంపెనీల్లో దీన్ని రిగ్రెట్ మెయిల్ అంటారు. రమ్య కల్పిత పాత్ర. ఆమెకొచ్చిన మెయిల్ మాత్రం ఇంటర్వ్యూలకు తిరిగిన ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు అందుకున్నదే. ఇంగ్లీషులో ఉండేదాన్ని ఇక్కడ తెలుగులో చెప్పామంతే. ఇందులో ఒక్క తిట్టు లేదు, ఒక్క అబద్ధమూ కనిపించదు. అయినా చదివినవాళ్ల ఒళ్లు మండుతుంది. రెజ్యూమే చూసి మొదట్లోనే పక్కన పెట్టిన మూడు వందల మందికి ఏ మెయిల్ వెళ్లిందో, రాత్రంతా రైల్లో ప్రయాణించి గంటన్నర ఎదురుగా కూర్చున్న మనిషికీ అదే వెళ్లింది మరి. ఆ మూడు వందల మందికి అది సరిపోతుంది కూడా. ఫైనల్ దాకా వచ్చిన ఇద్దరు ముగ్గురికి సరిపోదు. వాళ్లకు పంపాల్సిన మెయిల్ ఎలా ఉండాలన్నదే ఇక్కడి సంగతి.

ముందు ఆ ఐదు వారాల మౌనం గురించి చెప్పుకోవాలి. బయటివాళ్లకది నిర్లక్ష్యంగా కనిపిస్తుంది. లోపల సాధారణంగా జరిగేది వేరు. ఫైనల్‌లో ఇద్దరు మిగిలారు. కంపెనీ మొదటివాడికి ఆఫర్ ఇచ్చింది. అతను ప్రస్తుత ఉద్యోగంలో రెండు మూడు నెలల నోటీసు పీరియడ్ పూర్తి చేయాలి. ఆ మూడు నెలల్లో అతను మరో కంపెనీకి వెళ్లి, ఈ ఆఫర్ కాగితం చూపించి, ఇంకో రెండు లక్షలు ఎక్కువ అడగొచ్చు. పాత కంపెనీయే జీతం పెంచి ఉంచేసుకోవచ్చు. చేరే రోజు పొద్దున ఫోన్ స్విచాఫ్ చేసుకునేవాళ్లూ ఉన్నారు. హెచ్ఆర్ భాషలో ఇది డ్రాపౌట్. దానికి భయపడి రెండో అభ్యర్థిని హోల్డ్‌లో పెడతారు. కాదని చెబితే ఆమె చేజారిపోతుంది, అవునని చెప్పడానికి పోస్టు లేదు. అందుకని ఏమీ చెప్పరు.

కన్సల్టెన్సీ ద్వారా వచ్చిన అభ్యర్థి పరిస్థితి ఇంకా అన్యాయం. కన్సల్టెన్సీకి డబ్బు వచ్చేది అభ్యర్థి చేరినప్పుడే. ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే సుమారు ఒక నెల జీతం, చాలాచోట్ల వాడుకలో ఉన్న రేటు. ఎంపిక కాని మనిషికి ఫోన్ చేసి చెప్పడం వల్ల అక్కడివాళ్లకు పైసా రాదు. కంపెనీ కన్సల్టెన్సీకి చెప్పి చేతులు దులుపుకుంటుంది. కన్సల్టెన్సీ ఆ ఫోన్ మరిచిపోతుంది. మధ్యలో అభ్యర్థి రోజూ మెయిల్ తెరిచి చూసుకుంటూ ఉంటుంది. ఫైనల్ దాకా వచ్చినవాళ్లకు కబురు చేసే బాధ్యత, ఎవరి ద్వారా వచ్చినా సరే, ఇంటర్వ్యూ చేసిన కంపెనీదే.

హోల్డ్‌లో పెట్టడం తప్పా అంటే, కాదు. చెప్పకుండా పెట్టడం తప్పు. లెక్క చూసినా అందులో లాభం లేదు. మౌనంగా ఉంటే రమ్య ఇంట్లో కూర్చుని ఎదురుచూడదు, మరో రెండు చోట్ల ప్రయత్నిస్తుంది. నిజం చెప్పినా అదే చేస్తుంది. తేడా ఎక్కడంటే, నిజం చెప్పిన కంపెనీ రెండు నెలల తరువాత ఫోన్ చేస్తే ఎత్తుతుంది. ఆఫర్ ఇచ్చి అవతలివాళ్లు ఒప్పుకున్న రోజే నాలుగు వాక్యాలు రాస్తే చాలు: ‘ఈ పోస్టుకు మరొకరికి ఆఫర్ ఇచ్చాం, వారు ఒప్పుకున్నారు. వారు చేరడానికి రెండు నెలలు పడుతుంది. ఆలోగా ఏదైనా మారితే ముందుగా మిమ్మల్నే అడగాలనుకుంటున్నాం, అప్పటికి మీకు వీలుంటేనే. మీ ఇతర ప్రయత్నాలు మాత్రం ఆపుకోవద్దు.’ చివరి వాక్యం రాయడానికి హెచ్ఆర్ వాళ్లకు చెయ్యాడదు. కానీ ఆ వాక్యమే పైన ఉన్నవాటిని నమ్మదగ్గవిగా చేస్తుంది.

ఇక అసలు మెయిల్. చెడు వార్త చెప్పేటప్పుడు ముందు కాస్త మెత్తని మాటలు పరిచి, తరువాత అసలు విషయం చెప్పి, చివర మళ్లీ మంచి మాటతో ముగించాలని వ్యాపార ఉత్తరాల పాఠ్యపుస్తకాలు చాలాకాలంగా నేర్పాయి. మన దగ్గర డిగ్రీలో కమ్యూనికేషన్ పాఠాలు చదివినవాళ్లకూ ఇది గుర్తుండే ఉంటుంది. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో వ్యాపార రచన బోధించిన కిటీ లాకర్‌కు దీని మీద అనుమానం వచ్చింది. అప్పు నిరాకరిస్తూ, పైచదువుకు సీటు నిరాకరిస్తూ రాసిన నమూనా ఉత్తరాలను రకరకాలుగా మార్చి విద్యార్థులచేత చదివించి, వాళ్లకేమనిపించిందో అడిగింది. ఆ ఫలితాలు 1999లో అచ్చయ్యాయి. ముందు పరిచిన మెత్తని మాటల వల్ల చదివేవాళ్ల స్పందనలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చివర్లో మరీ ఉత్సాహంగా సంస్థ గొప్పలు చెప్పుకుంటూ, మళ్లీ మా దగ్గరకు రండన్నట్టు రాయడం మాత్రం బెడిసికొట్టింది. కాదంటారని ముందే ఊహించినవాళ్లు, చేతిలో వేరే దారి ఉన్నవాళ్లు తక్కువగా నొచ్చుకున్నారు.

అవి విద్యార్థులు చదివిన నమూనా ఉత్తరాలు, ఉద్యోగం చేజారిన మనుషులు చదివినవి కావు. ఆ తేడా గుర్తుంచుకోవాల్సిందే. అయినా ఇంటర్వ్యూ ఫలితం కోసం ఎదురుచూసే మనిషి మెయిల్ ఎలా చదువుతుందో ఒకసారి ఆలోచిస్తే లాకర్ చెప్పింది అర్థమవుతుంది. ఫోన్ తెర మీద మెయిల్ తెరుచుకోగానే కళ్లు ‘కానీ’ అనే మాట కోసం వెతుకుతాయి. దానికి ముందున్న మూడు వాక్యాలూ ఎవరూ చదవరు. చదివినా, ఆ పొగడ్తలు రాబోయే దెబ్బకు ముందు రాసే మందులా కనిపిస్తాయి. అందుకే నిర్ణయం మొదటి వాక్యంలోనే ఉండాలి. మెచ్చుకోదలిస్తే దాని తరువాత మెచ్చుకోవాలి. అప్పుడే ఆ మెప్పుకు విలువ.

క్షమాపణ సంగతీ ఇలాంటిదే. ‘మమ్మల్ని క్షమించండి, చాలా బాధగా ఉంది’ అని రెండు మూడు సార్లు రాస్తే మర్యాద పెరుగుతుందనుకుంటాం. గిలీ ఫ్రీడ్‌మన్, మరికొందరు మనస్తత్వ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, మనుషులు ఒకరినొకరు కాదన్నప్పుడు క్షమాపణ చేరిస్తే అవతలివాళ్ల నొప్పి తగ్గకపోగా పెరిగింది. పైగా, నిజంగా క్షమించకపోయినా ‘ఫర్వాలేదు’ అనాల్సిన ఒత్తిడి వాళ్లమీద పడింది. అది స్నేహాలు, రోజువారీ పరిచయాల మీద జరిగిన పరిశోధన, ఉద్యోగాల మీద కాదు. కానీ సూత్రం ఇక్కడా కలుస్తుంది. ఒకరిని ఎంచుకోవడం కంపెనీ చేసిన తప్పేం కాదు, దానికి క్షమాపణ అక్కర్లేదు. వారంలో చెబుతామని ఐదు వారాలు చెప్పకపోవడం తప్పు. క్షమాపణ చెప్పాల్సింది దానికి, ఒక్కసారి.

అన్నిటికన్నా చిక్కు కారణం దగ్గర వస్తుంది. ఎందుకు తీసుకోలేదో చెప్పాలా వద్దా? కంపెనీల న్యాయ సలహాదారులు సాధారణంగా వద్దంటారు. రాసిన కారణం రేపు సాక్ష్యమవుతుందని వాళ్ల భయం. ఆ భయం ఉత్తిదేమీ కాదు. అమెరికాలో జాతి, మతం, లింగం, వయసు, వైకల్యం లాంటి కారణాలతో ఉద్యోగం నిరాకరిస్తే కేసులవుతాయి. మన దేశంలోనూ ఉద్యోగాల్లోకి తీసుకునేటప్పుడు స్త్రీలపట్ల వివక్ష చూపడాన్ని చట్టం నిషేధించింది. హెచ్ఐవీ ఉందన్న కారణంతో ఉద్యోగం నిరాకరించకూడదని 2017 నాటి చట్టం చెబుతోంది. దాంతో చాలా కంపెనీలు ఏమీ రాయకపోవడమే క్షేమమని తేల్చుకున్నాయి. ‘అనేకమంది ప్రతిభావంతులు’ అనే మాట అలా పుట్టిందే.

కానీ కారణాలన్నీ ఒకటి కాదు. రమ్య విషయంలో ప్యానెల్ కాగితాల మీద మూడు సంగతులు రాసుకుందని అనుకుందాం. ఒకటి, అమెరికా ఎఫ్‌డీఏ తనిఖీ జరిగేటప్పుడు అధికారుల ఎదుట కూర్చుని జవాబులు చెప్పిన అనుభవం రెండో అభ్యర్థికి ఉంది, ఈమెకు లేదు. ఈమె రికార్డులు తయారుచేసి లోపలి గదిలోంచి అందించింది. రెండు, ఆమె కాస్త నెమ్మదిగా మాట్లాడుతుంది. మూడు, చిన్న పిల్ల ఉంది, రాత్రిపూట ప్లాంట్‌కు రాగలదో లేదో.

మొదటిది నిర్భయంగా రాయొచ్చు. అది పోస్టుకు సంబంధించింది. ఉద్యోగ ప్రకటనలో ఉంది. రుజువు చూపించగలిగింది. ఎఫ్‌డీఏ వాళ్లు తనిఖీ ముగించి, ఫారం 483 మీద లోపాలు రాసి చేతికిస్తే, 15 పనిదినాల్లో జవాబు వెళ్లాలన్నది అక్కడి పద్ధతి. ఆ ఒత్తిడిని ఎదురుగా నిలబడి మోసిన మనిషి కావాలని కంపెనీ కోరుకోవడంలో దాచుకోవాల్సిందేమీ లేదు. పైగా రమ్యకు అది పనికొచ్చే సమాచారం. ఈసారి తన ఫ్యాక్టరీకి తనిఖీ వచ్చినప్పుడు ముందు గదిలో కూర్చునే అవకాశం అడిగి తీసుకుంటుంది.

రెండోది మెయిల్‌లో రాస్తే మనసు విరుగుతుంది, రాసినందువల్ల ఆమెకు ఒరిగేదీ లేదు. ‘మా టీమ్‌కు సెట్ కారు’, ‘ఆత్మవిశ్వాసం తక్కువ’ లాంటివన్నీ ఈ కోవలోవే. అవి మనిషి స్వభావం మీద గంటన్నరలో ఇచ్చిన తీర్పులు. ఆమె కావాలని ఫోన్‌లో అడిగితే ఒక నిర్దిష్టమైన సందర్భం చెప్పొచ్చు: ‘ఫలానా ప్రశ్నకు మీ జవాబులో అసలు విషయం చివర వచ్చింది, ముందు చెప్పి ఉంటే బావుండేది’ అని. అంతవరకే.

మూడోది మెయిల్‌లో రాయకూడదు, ఫోన్‌లో చెప్పకూడదు, అసలు ప్యానెల్ కాగితం మీదే ఉండకూడదు. రాత్రి షిఫ్ట్ అవసరమైతే ‘రాత్రిపూట రాగలరా’ అని అభ్యర్థులందరినీ అడగాలి, మగవాళ్లను కూడా. ఇక్కడే రిగ్రెట్ మెయిల్‌కు ఒక ఊహించని ఉపయోగం ఉంది. నిర్ణయానికి కారణాన్ని ఒక్క వాక్యంలో, అభ్యర్థి చదవగలిగేలా రాయమని ప్యానెల్‌ను అడిగి చూడండి. రాయలేకపోతే తేడా మెయిల్‌లో లేదు, ఎంపికలోనే ఉంది. న్యాయ సలహాదారు భయపడాల్సింది ఆ ఎంపికకు. అది బయటపడకుండా మెయిల్‌ను ఖాళీగా ఉంచడం చికిత్స కాదు.

‘మీకన్నా మంచి అభ్యర్థి దొరికారు’ అని రాసేవాళ్లూ ఉన్నారు. నిజాయితీగా రాశామనుకుంటారు. ఎదుటివాళ్లకు అది రెండో దెబ్బ. ‘ఈ పోస్టుకు ఫలానా అనుభవాన్ని ముఖ్యంగా చూశాం’ అంటే పోలిక మనుషుల మధ్య నుంచి పోస్టు అవసరం మీదికి జరుగుతుంది. చెప్పిన నిజం అదే.

ఇప్పుడు రమ్యకు వెళ్లాల్సిన మెయిల్ రాసి చూద్దాం. పంపేది హెచ్ఆర్ మేనేజర్, తన సొంత చిరునామా నుంచి. పంపే వేళ పని దినం మధ్యాహ్నం. శుక్రవారం సాయంత్రం పంపితే, ఏదైనా అడుగుదామన్నా సోమవారం దాకా ఆగాలి. విషయం గడిలో ‘మీ దరఖాస్తు వివరాలు’ అని దాచిపెట్టకుండా, ‘డిప్యూటీ మేనేజర్ పోస్టు: మా నిర్ణయం’ అని ఉంటుంది.

‘రమ్య గారికి, నమస్కారం. డిప్యూటీ మేనేజర్ పోస్టుకు మేం మరొకరిని ఎంపిక చేశాం. ఈసారి మీకు ఆఫర్ ఇవ్వలేకపోతున్నాం. వారంలో చెబుతామని పది రోజులు తీసుకున్నందుకు క్షమించండి.

ప్రకటనలో అడిగినవాటిలో ఒక్కటి తప్ప అన్నీ మీ దగ్గర ఉన్నాయి. ఎఫ్‌డీఏ తనిఖీలో అధికారులతో నేరుగా వ్యవహరించిన అనుభవం ఈ పోస్టుకు చాలా అవసరం కావడంతో మా నిర్ణయం దానిమీద ఆధారపడింది. లోపాల విచారణ గురించి మీరు చెప్పిన తీరు, ముఖ్యంగా శాంపిళ్లు తేడా వచ్చినప్పుడు తప్పు యంత్రానిది కాదు నిల్వగదిదని మీరు పట్టుకున్న ఉదాహరణ, ప్యానెల్‌లో ముగ్గురికీ గుర్తుండిపోయింది.

వచ్చే ఏప్రిల్‌లో మా రెండో బ్లాక్‌కు క్వాలిటీ విభాగంలో మనుషులను తీసుకునే ఆలోచన ఉంది, యాజమాన్యం ఆమోదం ఇంకా రావాలి. వస్తే నేనే మీకు ఫోన్ చేస్తాను. అప్పుడు మొదటి రెండు రౌండ్లు మళ్లీ ఉండవు. అంతవరకు మీ రెజ్యూమే మా దగ్గర ఉంచుకోవచ్చా? వద్దంటే తీసేస్తాం.

మీ రైలు టికెట్ల కాపీలు పంపితే ఆ ఖర్చు మీ ఖాతాకు జమ చేస్తాం. ఇంకా ఏమైనా తెలుసుకోవాలంటే బుధ, గురువారాల్లో సాయంత్రం నాలుగు తరువాత ఈ నంబరుకు చేయండి.’

కింద పేరు, హోదా, పనిచేసే ఫోన్ నంబరు.

నూట ఇరవై మాటలకు అటూ ఇటూ. రాయడానికి పావుగంట పడుతుంది, ప్యానెల్ కాగితాలు ఎదురుగా ఉంటే. ఇందులో కరుణరసం లేదు, మెత్తని పరుపులూ లేవు. ఆ నిల్వగది ఉదాహరణ మాత్రం మరెవరికీ పంపడానికి వీల్లేదు. ఆమె చెప్పింది విన్నామని చెప్పడానికి అంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు. ‘మీ ప్రతిభ మమ్మల్ని ఎంతో ఆకట్టుకుంది’ అనే వాక్యాన్ని ఎవరికైనా పంపొచ్చు. అందుకే దాన్ని ఎవరూ నమ్మరు.

ఇంత రాసినా ఒక్క అక్షరంతో పాడుచేసుకోవచ్చు. పాత మెయిల్‌ను కాపీ చేసి పేరు మార్చడం మరిచిపోయి, రమ్యకు ‘రమేష్ గారికి’ అని పంపడం ఒకటి. కాదన్న ముగ్గురి చిరునామాలనూ అందరికీ కనిపించే గడిలో పెట్టి ఒకేసారి పంపడం ఇంకొకటి. రెండోది మర్యాదలోపం మాత్రమే కాదు. వాళ్లలో ఒకరి బాస్‌కు ఇంకొకరు తెలిసినవాళ్లయితే, ఉన్న ఉద్యోగానికే ఎసరు వస్తుంది. ఫైనల్ దాకా వచ్చేది ఇద్దరు ముగ్గురే కనుక ఒక్కొక్కరికి విడిగా రాయడం పెద్ద పనేం కాదు.

ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటారు కొందరు. స్వయంగా వచ్చి కూర్చున్న మనిషికి ఫోన్ మర్యాదే. కానీ ఆమె ఆఫీసు డెస్క్ దగ్గర ఉన్నప్పుడు చేస్తే, పక్కవాళ్ల ముందు గొంతు సవరించుకుని ‘ఫర్వాలేదండీ, థ్యాంక్యూ’ అనడం తప్ప ఏం చేయగలదు? ముందు మెయిల్, కావాలంటే తరువాత ఫోన్ అన్న వరస మేలు. చదివి, ఒక్కతే కూర్చుని, తనకు వీలైనప్పుడు మాట్లాడుకుంటుంది.

తలుపు తెరిచి ఉంచడం గురించి ఇంకాస్త చెప్పాలి. ఈ మెయిళ్లలో ఎక్కువ అబద్ధాలు చోటుచేసుకునేది అక్కడే. ‘మీ రెజ్యూమే మా దగ్గర భద్రంగా ఉంటుంది’ అన్న వాక్యాన్ని రాసినవాళ్లూ నమ్మరు, చదివినవాళ్లూ నమ్మరు. మళ్లీ పోస్టు పడితే ఆ హెచ్ఆర్ పాత ఫైలు తీయడు, నౌకరీ సైట్‌లో కొత్తగా వెతుకుతాడు. అలాంటప్పుడు రాయకపోవడమే గౌరవం. తెరవాలని ఉంటే ఏ పోస్టుకు, ఎప్పటికి, ఎవరు పిలుస్తారు అన్న మూడూ ఆ వాక్యంలో ఉండాలి. రమ్య మెయిల్‌లో ‘ఏప్రిల్’, ‘రెండో బ్లాక్’, ‘నేనే ఫోన్ చేస్తాను’ అని ఉన్నది అందుకే. ‘ఆమోదం ఇంకా రావాలి’ అన్నదీ అందుకే. ఏప్రిల్‌లో పోస్టులు రాకపోయినా ఒక ఫోన్ చేసి రాలేదని చెప్పాలి. ఆ తేదీని మెయిల్ పంపిన రోజే క్యాలెండర్‌లో వేసుకోని హెచ్ఆర్ ఆ వాక్యం రాయకూడదు.

రెజ్యూమే ఉంచుకోవచ్చా అని అడగడం కూడా ఒట్టి లాంఛనం కాదు. పార్లమెంటు 2023లో ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, ఒక పని కోసం తీసుకున్న సమాచారాన్ని ఆ పని అయిపోయాక ఊరికే ఉంచుకోకూడదన్నది మూలసూత్రం. పోస్టు భర్తీ అయ్యాక కూడా పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, జీతం వివరాలు కంపెనీ కంప్యూటర్లో ఉండాలంటే అనుమతి అడగడమే దారి.

రెండో స్థానంలో నిలిచినవాళ్లను రిక్రూటర్లు సిల్వర్ మెడలిస్టులంటారు. ఎంపికకు కంపెనీ పెట్టిన ఖర్చంతా వాళ్ల మీదా పెట్టింది. మూడు రౌండ్లూ అయ్యాయి, పని తెలుసని తేలింది. ఇలాంటివాళ్లను ఎలా చూడాలన్నదానికి మన దగ్గర ఒక ఉదాహరణ ప్రైవేటు రంగం నుంచి కాక, యూపీఎస్సీ నుంచి దొరుకుతుంది. సివిల్స్‌లో మెయిన్స్‌కు 1,750, ఇంటర్వ్యూకు 275, మొత్తం 2,025 మార్కులు. ఫలితాల తరువాత ఎంపిక కానివాళ్లకూ తమ మార్కులు తెలుస్తాయి, ఎక్కడ తగ్గిందో చూసుకోవచ్చు. ఇంటర్వ్యూ దాకా వచ్చి ఎంపిక కాని అభ్యర్థుల వివరాలను, వాళ్లు ఒప్పుకుంటేనే, ఇతర సంస్థలకు అందుబాటులో ఉంచే పద్ధతినీ కమిషన్ పెట్టింది. 2025లో దానికి ‘ప్రతిభా సేతు’ అని పేరు. లక్షల దరఖాస్తులు చూసే సంస్థ ఆ చివరి కొద్దిమందికి అంకెలు చెబుతుంటే, ఇద్దరిని ఇంటర్వ్యూ చేసిన కంపెనీకి ఒక వాక్యం రాయడానికి తీరిక లేదనడం వినసొంపుగా ఉండదు.

తలుపు మూసుకుపోయిన కథ చెప్పమంటే అందరూ బ్రయాన్ యాక్టన్ పేరే ఎత్తుతారు. యాహూలో పనిచేసి బయటికొచ్చిన ఆయన 2009లో ట్విటర్‌లో, ఫేస్‌బుక్‌లో ఉద్యోగాలకు ప్రయత్నించి రెండుచోట్లా కాదనిపించుకున్నాడు. తరువాత జాన్ కౌమ్‌తో కలిసి నిలబెట్టిన వాట్సాప్‌ను 2014 ఫిబ్రవరిలో అదే ఫేస్‌బుక్ సుమారు 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. పట్టుదల పాఠాల్లో ఈ కథ అరిగిపోయింది. మన విషయానికి పనికొచ్చేది అందులో చిన్న ముక్క. ఫేస్‌బుక్ కాదన్న రోజు ఆయన బహిరంగంగానే ఆ సంగతి రాసి, అక్కడ మంచి మనుషులను కలిశానని కూడా చేర్చాడు. గది లోపల ఎవరో ఆయనతో మర్యాదగా మాట్లాడి ఉండాలి. కాదనిపించుకున్నవాళ్లు బయటికెళ్లి చెప్పుకునేది కంపెనీ బోర్డు గురించి కాదు, ఆ గదిలోని ముగ్గురు మనుషుల గురించి. మన ఫార్మా కంపెనీల ప్రపంచం అంతకన్నా చిన్నది. జీడిమెట్ల ప్యానెల్‌లో కూర్చున్న క్వాలిటీ హెడ్, నాలుగేళ్ల తరువాత పరవాడలో ఉద్యోగం కోసం రమ్య ఎదుట కూర్చోవాల్సి రావడం ఊహించలేని సంగతేం కాదు.

మంచి మెయిల్ వెళ్లాక అభ్యర్థి నుంచి జవాబు వస్తుంది. కొందరు కృతజ్ఞతలు చెబుతారు. కొందరు వాదిస్తారు: ‘నాకు ఆ అనుభవం ఉంది, మీరు సరిగ్గా అడగలేదు’ అని. ఆ రెండో రకానికి భయపడే చాలామంది కారణం రాయరు. దానికి జవాబు కష్టమేం కాదు. ఆమె చెప్పింది కొత్త సమాచారమైతే, ‘ఇది ఇంటర్వ్యూలో మాకు తెలియలేదు, మీ వివరాల్లో చేర్చుకుంటాం, ఈ నిర్ణయం మాత్రం అయిపోయింది’ అని ఒకసారి రాస్తే చాలు. మూడో ఉత్తరానికి వాదన పొడిగించక్కర్లేదు. నిర్ణయం మారుతుందేమోనన్న ఆశ కలిగించే ఒక్క మాటా అందులో పడకూడదు. స్పష్టత పోయేది అక్కడే.

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఈ సంగతి మర్యాద దాటి చట్టం దాకా వెళ్లింది. టొరంటో, బ్రాంప్టన్ చుట్టుపక్కల ఉద్యోగాలు వెతుక్కునే మన తెలుగు పిల్లలకు ఇది తెలిసి ఉండాలి. 2026 జనవరి 1 నుంచి, 25 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థ బహిరంగంగా ప్రకటించిన పోస్టుకు ఎవరినైనా ఇంటర్వ్యూ చేస్తే, చివరి ఇంటర్వ్యూ అయిన 45 రోజుల్లోగా ఆ పోస్టు మీద నిర్ణయం జరిగిందో లేదో అభ్యర్థికి చెప్పాలి. కారణం చెప్పమని ఆ నిబంధన అడగదు, తలుపు తెరిచి ఉంచమనీ అడగదు. మౌనంగా మాత్రం ఉండొద్దంటుంది.

తెలంగాణలో గానీ ఆంధ్రప్రదేశ్‌లో గానీ ప్రైవేటు కంపెనీలకు అలాంటి గడువు లేదు. కాబట్టి ఈ వ్యాసం చదువుతున్నవాళ్లలో ఎవరైనా హెచ్ఆర్‌లో ఉంటే ఒక చిన్న పని. మీ హోల్డ్ జాబితా తెరిచి, ఫైనల్ రౌండ్ అయి పది రోజులు దాటినా కబురందనివాళ్లు ఎంతమంది ఉన్నారో చూడండి. ఈ మధ్యాహ్నమే వాళ్లకు, పేరు పెట్టి, ఒక్కొక్కరికి విడిగా రాయండి.